ఎవరికి అనుకూలం?

పేపరు జీతంతో ఇల్లు గడవని నెలల్లో నేను తర్జుమాలు చేస్తాను. నికానామాలు, పొలం కాగితాలు, ఆస్పత్రి సర్టిఫికెట్లు, ఏది వస్తే అది. నరసరావుపేట చుట్టుపక్కల ఒక నూలు మిల్లు నుంచి నెలనెలా వచ్చే పని మాత్రం వీటన్నిటికంటే కష్టం. పేజీలు నాలుగే. ఇంగ్లీషులో ఉండే బడ్జెట్ వేరియన్స్ రిపోర్టును డిపార్టుమెంటు హెడ్ల కోసం తెలుగు చెయ్యాలి. మిల్లు పేరు రాయను. కింద వేసిన అంకెలు కూడా లెక్క సులువుగా తెలియడానికి గుండు చేసినవే.

ఆ హెడ్లలో ఎక్కువమంది డిగ్రీలతో వచ్చినవాళ్ళు కాదు. పదిహేను, ఇరవై ఏళ్ళు మెషీన్ల మధ్య తిరిగి పైకొచ్చినవాళ్ళు. స్పిన్నింగ్ మాస్టర్‌గారు మా అమ్మీ వైపు దూరపు చుట్టం, నేను మామూ అంటాను. నాలాగే ఉర్దూ మీడియంలో చదివారు. దూదిని వేళ్ళ మధ్య లాగి పింజ పొడవు చెప్పగలరు. కానీ ఆ రిపోర్టులో ఒక వరుసకి ఎదురుగా `F`, ఇంకో వరుసకి ఎదురుగా `A` ఎందుకుంటుందో ఎవరూ ఆయనకి అర్థమయ్యేలా చెప్పలేదు. పరీక్ష మార్కులనుకున్నారట. `A` వస్తే మంచిదే కదా అని రెండు నెలలు సంతోషపడ్డారట పాపం.

`F` అంటే ఫేవరబుల్, `A` అంటే అడ్వర్స్. నాకంటే ముందు ఎవరో నిఘంటువు చూసి అనుకూల వ్యత్యాసం, ప్రతికూల వ్యత్యాసం అని పెట్టారు. అందులో వ్యాకరణం తప్పేం లేదు. కానీ మీటింగులో ఏం జరిగిందంటే, ఎవరి వరుసలో "ప్రతికూల" ఉందో వాళ్ళు ముద్దాయిలయ్యారు, "అనుకూల" ఉన్నవాళ్ళు మీసం దువ్వారు. ఇంగ్లీషులో ఆ మాటలు చెప్పేది ఒక్కటే: ఈ తేడా వల్ల లాభం అనుకున్నదానికన్నా పెరిగిందా, తగ్గిందా అని. ఎవరు బాగా చేశారు, ఎవరు చెడగొట్టారు అన్న సంగతి ఆ మాటల్లో లేదు. మన భాషలోకి వచ్చేసరికి "ప్రతికూల" మనిషికి అతుక్కుంది.

వ్యత్యాసం తీసేసి "తేడా" అని పెడదామా అంటే అదీ చిక్కే. "లెక్కలో తేడా వచ్చింది" అని మిల్లులో అనండి, ఎవడో డబ్బు తిన్నాడనే అందరూ అనుకుంటారు. ఉర్దూలో ఫర్ఖ్ అన్నమాటకి ఆ మచ్చ లేదు, కానీ అది అందరికీ తెలీదు. "విచలనం" అంటే స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళకి ఒక అర్థం, మామూలు వాళ్ళకి ఏ అర్థమూ లేదు. మిగులు, లోటు అన్న పేపరు మాటలు చేతికి అందుబాటులోనే ఉంటాయి, అసెంబ్లీ బడ్జెట్ వార్తల్లో రోజూ వాడేవే. ఇక్కడ మాత్రం అవి అసలు పనికిరావు. లోటంటే రాబడికన్నా ఖర్చు ఎక్కువని. ఇక్కడ పోల్చేది రాబడినీ ఖర్చునీ కాదు, అనుకున్నదానినీ అయినదానినీ. మిల్లు నష్టంలో ఉన్న నెలలో కూడా కరెంటు వరుసలో `F` రావచ్చు.

ఎక్కువ, తక్కువ అని రాసినా కుదరదు. నూలు అమ్మకం అంచనా మించితే మంచిది, దూది ఖర్చు అంచనా మించితే చెడ్డది. ఒకే "ఎక్కువ" రెండు వరుసల్లో రెండు రకాలుగా పలుకుతుంది. అందుకే అకౌంట్స్ వాళ్ళ షీట్లో కూడా మైనస్ గుర్తుని నమ్మరు, పక్కన `F` గానీ `A` గానీ వేస్తారు.

ఇంతకీ మాటల కంటే పెద్ద చిక్కు లెక్కలోనే ఉంది. తర్జుమా చేసేవాడికి అది అర్థం కాకపోతే మాట ఎంత బాగున్నా వృథా. ఒక నెల సంగతి చెప్తాను.

ఆ నెలకి బడ్జెట్ లక్ష కిలోల నూలు. కిలో నూలుకి 1.2 కిలోల దూది పడుతుందని, దూది కిలో 160 రూపాయలని అంచనా. అంటే 1,20,000 కిలోల దూది, ఖర్చు 1,92,00,000 రూపాయలు. నెలాఖరుకి వచ్చిన నూలు 90,000 కిలోలే. వాడిన దూది 1,11,600 కిలోలు, కొన్న ధర కిలో 155. ఖర్చు 1,72,98,000.

మొదటి పేజీలో ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి 19,02,000 `F` అని ఉంది. పందొమ్మిది లక్షలు అనుకూలం! ముందున్న తర్జుమాతో అయితే మీటింగులో మిఠాయి పంచేవాళ్ళు. అసలు సంగతేంటంటే, నూలే పది వేల కిలోలు తక్కువ తీశారు. తక్కువ తీస్తే దూది తక్కువే పడుతుంది. ఇంట్లో పదిమందికి వండాల్సిన బిర్యానీ ఎనిమిదిమందికే వండి, బియ్యం మిగిలాయని సంబరపడితే ఎట్లా?

అందుకని పోల్చే ముందు బడ్జెట్‌ని అయిన పనికి సరిపడా కుదించుకోవాలి. 90,000 కిలోల నూలుకి 1,08,000 కిలోల దూది చాలు, 160 చొప్పున 1,72,80,000. అయిన ఖర్చు దీనికన్నా 18,000 ఎక్కువ. పందొమ్మిది లక్షల `F` కాస్తా పద్దెనిమిది వేల `A` అయింది. ఇంగ్లీషులో దీన్ని ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటారు. "సరళ బడ్జెట్" అని రాస్తే సులువైన బడ్జెట్ అనుకుంటారు. నేను "అయిన పనికి అంచనా" అని రాశాను. నాలుగు అక్షరాలు పెరిగితే పెరిగాయి.

కోట్లలో ఖర్చు పెట్టేచోట పద్దెనిమిది వేలు ఎంతలే అని అక్కడ ఆగిపోతే సగం సంగతి తెలీదు. ఆ చిన్న అంకె కింద రెండు పెద్ద అంకెలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ధర కిలోకి 5 రూపాయలు తగ్గింది. వాడిన 1,11,600 కిలోల మీద అది 5,58,000 `F`. ఇది పర్చేజ్ వాళ్ళ వరుస. పట్టాల్సిన దూదికన్నా 3,600 కిలోలు ఎక్కువ పట్టింది. అంచనా ధర 160 చొప్పున 5,76,000 `A`. ఇది మా మామూ వరుస. రెంటికీ మధ్య మిగిలింది ఆ పద్దెనిమిది వేలు.

ఆ నెల మీటింగులో పర్చేజ్ ఆయన్ని మెచ్చుకున్నారు. మామూని మాత్రం దూది ఎటు పోయిందని అడిగారు. "ఎటు పోయింది" అన్న మాట ఆయనకి ఎక్కడ తగిలిందో మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళ నౌకరీలో ఆయన ఈమాన్ మీద ఎవరూ వేలెత్తలేదు. ఆ రాత్రి ఫోన్ చేసి, "బేటా, ఆ ప్రతికూల అంటే చోరీ అనా?" అని అడిగారు.

చోరీ కాదు. ఐదు రూపాయలు తక్కువకి వచ్చిన దూది ఊరికే తక్కువకి రాలేదు. పింజ పొట్టిది, చెత్త ఎక్కువది. అలాంటి దూది వేస్తే బ్లోరూములో, కార్డింగులో రాలిపోయేది పెరుగుతుంది. కిలో నూలుకి 1.2 పట్టాల్సింది 1.24 పట్టింది. ఒక వరుసలో వచ్చిన `F`కి తల్లి, ఇంకో వరుసలో వచ్చిన `A`కి తల్లి ఒకటే కొనుగోలు. రిపోర్టు మాత్రం వాటిని ఇద్దరు మనుషుల పేర్ల మీద విడదీసి చూపించింది.

దీన్ని రుజువు చేయడానికి వాదన అక్కర్లేదు, కాటా చాలు. ఏ మెషీను కింద ఎంత వేస్టు రాలిందో మిల్లులో రోజూ తూకం వేసి రాస్తారు. కొత్త లాటు మొదలైన రోజు నుంచే బ్లోరూము, కార్డింగ్ దగ్గర తూకం పెరిగితే, చెత్త దూదితోపాటే వచ్చిందని లెక్క. అవి మామూలుగా ఉండి, రింగు ఫ్రేముల దగ్గర పోగులు తెగి పోయేది పెరిగిందనుకోండి, అప్పుడు మెషీనునీ షెడ్డులో తేమనీ మనుషుల పనినీ కూడా చూడాలి. పొట్టి పింజ వల్ల కూడా పోగు తెగుతుంది కాబట్టి ఆ రెండోది అంత తేలిగ్గా తేలదు. మామూ తన రిజిస్టరు తీసి చూపించారు. పెరిగింది మొదటి రెండుచోట్లే, అదీ లాటు మారిన తారీఖు నుంచే. రాలిన వేస్టుని అమ్మితే కొంత డబ్బు వెనక్కి వస్తుంది గానీ, దూది ధర ముందు అది చిన్నదే.

ఆ తర్వాతి నెల నుంచి అకౌంట్స్ సార్ ఒప్పుకుని తర్జుమా మార్చుకోనిచ్చారు. వేరియన్స్‌ని "అంచనా తేడా" అన్నాను. ముందు అంచనా అన్న మాట ఉంటే, తేడా మనిషిదే అని ఎవరూ తొందరపడరు, అంచనాదీ కావచ్చు. `F` ఉన్నచోట "లాభానికి కలిసింది", `A` ఉన్నచోట "లాభంలో కోత". అమ్మకం వరుసైనా ఖర్చు వరుసైనా ఇవి తిరగబడవు. కలిసింది, కోత అన్నవి డబ్బుకి సంబంధించిన మాటలు, మనిషి గుణం గురించినవి కావు. అయినా "కోత"లో కొంచెం కారం ఉంది, ఒప్పుకుంటాను. అంతకన్నా మెత్తని మాట పెడితే విషయం దాచినట్టవుతుంది.

జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అన్నీ అరబ్బీ, ఫార్సీ నుంచి తెలుగు లెక్కల్లోకి వచ్చి ఇక్కడే స్థిరపడినవే. వాటిని ఎవరూ నిఘంటువు చూసి తేలేదు, కచేరీలోనూ కొట్టులోనూ వాడగా వాడగా నిలిచాయి. అందుకే మాట పెట్టే ముందు నేను మామూకి ఫోన్లో చదివి వినిపిస్తాను. ఆయన మళ్ళీ అడగాల్సి వస్తే ఆ మాట కొట్టేస్తాను.

మాటలతో పాటు ఒక గడి కూడా చేర్పించాము, "కారణం ఎక్కడ పుట్టింది" అని. మెయింటెనెన్స్ వరుసలో పెద్ద మొత్తం "లాభానికి కలిసింది" అని వచ్చిన నెలలో ఆ గడి పనికొచ్చింది. ఖర్చు తగ్గలేదు, సామాను రాక ఓవర్‌హాలింగు వచ్చే నెలకి జరిగింది. అక్కడ "ఆగిన ఖర్చు" అని రాశాము, లేకపోతే వచ్చే నెల అదే డబ్బు కోతగా తిరిగొచ్చినప్పుడు ఆ హెడ్ జవాబు చెప్పుకోవాలి. కరెంటు వరుసనీ రెండు చేశాము: యూనిట్లు ఎన్ని కాలాయి, యూనిట్ ధర ఎంత పెరిగింది. ఇంధన సర్దుబాటు ఛార్జీలు బిల్లులో పెరిగితే ఎలక్ట్రికల్ హెడ్ ఏం చేస్తాడు? యూనిట్లకి ఆయన జవాబుదారు, రేటుకి కాదు.

పర్చేజ్ ఆయనకి మాత్రం ఆ కొత్త గడి నచ్చలేదు. మా మామూ వరుసలో కోత వచ్చిన నెలల్లో కారణం గడిలో "దూది లాటు" అని పడుతోంది మరి. పోయిన నెల ఆయన కొనబోయే ముందు సాంపిల్ తెచ్చి మామూ బల్ల మీద పెట్టి, "దీన్ని ఒకసారి లాగి చూడు భాయ్" అన్నాడట. మామూ లాగి చూసి వద్దన్నారు. ఆ లాటు కొనలేదు.