బ్యాంకు నిల్వ మైనస్‌లోకి పోతే డబ్బు ఎక్కడికి పోయినట్టు?

హాలు గోడల పనికి సంబంధించిన పాత లెక్కల పుస్తకాలు ఈమధ్య మళ్ళీ చేతికొచ్చాయి. 1999 మార్చి 31 నాటి పట్టీ చూసి ఇద్దరు ముగ్గురు యువ సభ్యులు ఒకే ప్రశ్న వేశారు: "రెండు లక్షల డిపాజిట్ ఉండగా అప్పుల వైపు బ్యాంకు పేరు ఎందుకుంది?" ఆ ఏడు సర్వసభ్య సమావేశంలోనూ ఇదే గొడవ. ఒక పెద్దాయనైతే లేచి నిలబడి, "బ్యాంకులో మైనస్ ఏమిటండీ, ఎవరో తినేశారని చెప్పండి" అనేశారు. కోశాధికారి ముఖం చిన్నబోయింది. అందుకే ఆ లెక్కను ఇక్కడ విప్పి చెప్తున్నాం.

అప్పుడు మన స్థిర డిపాజిట్ రెండు లక్షలు. గడువుకు ముందే విరిస్తే వడ్డీ కోత పడుతుంది. కాబట్టి దాన్ని తాకట్టు పెట్టి లక్షన్నర వరకు ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకున్నాం. వడ్డీ ఏడాదికి 14.6 శాతం. దీంట్లో ఒక సుళువుంది: లక్ష రూపాయలకు రోజుకు సరిగ్గా 40 రూపాయలు. ఓవర్‌డ్రాఫ్ట్‌లో పరిమితి మొత్తం మీద వడ్డీ పడదు. వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే పడుతుంది. అలా రోజువారీ లెక్కేసి మూడు నెలలకొకసారి ఖాతాలో రాసేవారు.

జనవరి ఆఖరుకి ఖాతాలో మన డబ్బు 20,000 ఉంది. ఫిబ్రవరి 1న మేస్త్రికి 1,20,000 చెక్కు ఇచ్చాం, ఆ రోజే అది పాసైంది. లక్ష లోటు. ఫిబ్రవరి 28 రోజులూ అంతే ఉంది కాబట్టి వడ్డీ 1,120. మార్చి 1న చందాలు 40,000 కట్టాం, లోటు 60,000కు దిగింది. మార్చిలో 31 రోజులకు, రోజుకు 24 చొప్పున 744. మొత్తం 1,864. మార్చి 31న బ్యాంకు ఆ మొత్తాన్ని మన ఖాతాలోంచే తీసుకుంది. లోటు 61,864 అయింది. ఏప్రిల్ 1 నుంచి వడ్డీ ఈ కొత్త మొత్తం మీద, అంటే వడ్డీ మీద కూడా వడ్డీ. రోజుకు ముప్పావలా అదనం. చిన్నదే అయినా తెలిసి ఉండాలి.

ఇప్పుడు పుస్తకం. నగదు పుస్తకంలో ఎడమ జమ, కుడి ఖర్చు. మామూలుగా నెలాఖరు నిల్వను ఖర్చు వైపు రాసి రెండు మొత్తాలూ సరిచేస్తాం. ఓవర్‌డ్రాఫ్ట్‌లో బ్యాంకు కాలమ్‌లో ఖర్చే పెద్దది, కాబట్టి నిల్వ జమ వైపు పడుతుంది, మర్నాటి ప్రారంభ నిల్వ ఖర్చు వైపు మొదలవుతుంది. మైనస్ గుర్తు పెట్టనక్కరలేదు, వైపు మారడమే గుర్తు. పాస్‌బుక్‌లో మాత్రం ఇది తలకిందులు. మన లోటు అంటే బ్యాంకుకు మనం బాకీ, అందుకని వాళ్ళు డెబిట్ నిల్వ అని వేస్తారు. మన పుస్తకంలో అదే క్రెడిట్ నిల్వ. చాలామంది తికమక పడేది ఇక్కడే.

వడ్డీకి చిట్టా పద్దు ఇంతే: వడ్డీ ఖర్చు ఖాతా డెబిట్ 1,864, బ్యాంకు ఖాతా క్రెడిట్ 1,864. పాస్‌బుక్ ఏప్రిల్‌లో అచ్చు వేయించుకున్నా పద్దు తేదీ మార్చి 31యే. అది ఆ ఏడాది ఖర్చు. మరచిపోతే మన పుస్తకం 60,000 అంటుంది, బ్యాంకు 61,864 అంటుంది. తేడా సరిగ్గా వడ్డీ అంకె అయితే కంగారు పడనక్కరలేదు. అలా కాకపోతే ఇంకా పాసవని చెక్కులు వెతకాలి. వాటిని మన పుస్తకం ముందే ఖర్చు రాసేస్తుంది, బ్యాంకు మాత్రం పాసైన రోజు నుంచే వడ్డీ లెక్కేస్తుంది.

ఆస్తి అప్పుల పట్టీలో డిపాజిట్ పూర్తిగా 2,00,000 ఆస్తుల వైపు, తాకట్టులో ఉందన్న మాటతో సహా. ఓవర్‌డ్రాఫ్ట్ 61,864 అప్పుల వైపు. రెండూ కలిపి ఆస్తి 1,38,136 అని ఒకే అంకె వేస్తే పట్టీ చక్కగానే కనిపిస్తుంది, కానీ డిపాజిట్ తాకట్టులో ఉన్న సంగతి సభ్యులకు తెలియదు. అలాగే ఆస్తుల వైపు "బ్యాంకు నిల్వ మైనస్" అని రాయడమూ సరికాదు. ఆ ఏడు కోశాధికారి చేసినది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. ఆ పెద్దాయనకు పట్టీ పక్కన పాస్‌బుక్ పెట్టి వేలితో చూపించాక, "ఇది మన అప్పా, దొంగతనం కాదా" అని కూర్చున్నారు.

2002 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశంతో, వ్యవసాయ రుణాలు తప్పిస్తే, బ్యాంకులు నెలనెలా వడ్డీ వేస్తున్నాయి. పద్దు రాసే తీరు మారలేదు, నాలుగుసార్లు రాసేది పన్నెండుసార్లు రాయాలి. పాత పుస్తకాలు మాత్రం మూడు నెలల లెక్కతోనే చదవాలి. అందులో జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి ఆఖరి రోజుల్లోనే వడ్డీ పద్దులు కనిపిస్తాయి.