తాత కట్టిన నడిమి గోడ

కోలారు దగ్గర మా పాతిల్లు బండ మిద్దె. కన్నడ బడిలో చదివిన మాకు అది చప్పడి, అవ్వకు బండ. పదడుగుల బండలు ఈ కొస ముందరి గోడ మీద, ఆ కొస వెనక గోడ మీద పెట్టి, పైన గార వేసినారు. నడుమ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒకటి, వంటింటిని విడదీస్తూ ఉండేది. పోయిన ఏడాది దాన్ని తీసేసి పెద్ద హాలు చేద్దామనుకున్నాము.

గోడ సన్నగా ఉంటే బరువు మోయదు అనుకోవడం తప్పని మేస్త్రీ ముందే చెప్పినాడు. బండ మిద్దెలో చూడాల్సింది అతుకులు. రెండు బండల కొసలు ఒక గోడ మీద కలిస్తే అది మోసే గోడ. మా గోడ మీద అతుకే లేదు, బండలు దాని మీదుగా నిండుగా సాగిపోయినాయి. టెస్టు పాస్ అయిందనుకున్నాము.

సుత్తి తీసే పొద్దుకు అవ్వ అన్నది, "ఒరే, మీ తాత ఆ గోడ ఊరికే కట్టలేదు. పైన బండ బీటలిచ్చిందని కట్టినాడు."

గోడ పక్కన మిద్దె సున్నం గీకి చూస్తే నిజమే. రెండు బండలు నడిమికి అడ్డంగా పగిలినాయి. అతుకు కట్టేటప్పుడు లేకపోయినా, పగులే అతుకైంది. రాయి కాంక్రీటు లెక్క లోపల కమ్మీ పట్టుకొని వేలాడదు, చెప్పకుండా విరుగుతుంది. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం బండ అంటే దాదాపు అయిదు వందల కిలోలు. అందులో సగం ఆ సన్న గోడ మీదే. పైన గార బరువు వేరే.

గోడ తీయాలంటే దాని జాగాలో ఇనుప దూలం రావాల. ఇంజనీరును పిలిచి దాని కొలత రాయించుకున్నాము. అంతవరకు పోట్లు. ఒక పక్కనే పెడితే అవతలి ముక్క కింద పడుతుంది, అందుకే గోడకు రెండు పక్కలా, రెండేసి అడుగుల దూరంలో పెట్టినారు. పైన బండలకు అడ్డంగా మందమైన పలక, కింద నేల కుంగకుండా ఇంకో పలక, మధ్యలో ఇనుప జాకీలు. మర తిప్పేటప్పుడు మేస్త్రీ ఒకటే మాట, "తగిలితే చాలు, ఎత్తొద్దు." ఎత్తితే బాగున్న బండ కూడా పగులుతుందట. పగులు మీద కొంచెం సున్నం పూసి పెట్టినాడు. బండ కదిలితే ఆ సున్నం చీలి తెలుస్తుంది.

గోడ పై వరుస నుంచి ఇటుక ఇటుకగా తీసినారు. దూలం రెండు కొసలూ పక్క గోడల్లో కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టి, దూలానికీ బండకూ మధ్య సందు గట్టి సిమెంటుతో కూరినారు. అది బిగిసేదాకా వారం రోజులు జాకీలు ముట్టనీయలేదు. వంట వరండాలోనే.

సున్నం చీలలేదు. అయినా అవ్వ దూలం కింద కూర్చోదు, కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంటుంది.