ఏది ఇంటిపేరు, ఏది పెట్టినపేరు?

బుడాపెస్ట్‌లో ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తర్వాత. తెలుగువాళ్లకు ఇది ఒకరు విడమరచి చెప్పాల్సిన సంగతి కాదు. మనం నందమూరి తారక రామారావు అన్నట్టే ఇక్కడ కరికో కతలిన్ అంటారు. 2023లో వైద్యంలో నోబెల్ అందుకున్న ఆవిడే ఇంగ్లిష్ పత్రికల్లో కతలిన్ కరికో. ఆవిడతో బహుమతి పంచుకున్న అమెరికన్ మాత్రం హంగేరియన్ పత్రికల్లోనూ డ్రూ వైస్‌మనే. వీళ్లు తిరగేసేది తమ పేర్లనే, అదీ పరాయి భాషలో రాసేటప్పుడే.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇంగ్లిష్ మెయిల్ కింద ‘బలాజ్ గాబోర్’ అని ఉందనుకోండి. బలాజ్, గాబోర్ రెండూ పెట్టినపేర్లే, రెండూ ఇంటిపేర్లే. తిరగేసి రాశారో, ఉన్నదున్నట్టు రాశారో ఎలా తెలియాలి? మెయిల్ చిరునామా చూసి తేల్చలేం, అందులో ఏది ముందైనా రావచ్చు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో హంగేరియన్ పేజీ తెరవండి. అక్కడ ‘గాబోర్ బలాజ్’ అని కనిపిస్తే ఇంటిపేరు గాబోర్, మెయిల్‌లో తిరగేశారన్నమాట.

జాబు మొదట్లో మగవారికైతే ‘తిస్తెల్ట్ గాబోర్ ఊర్!’ అని రాస్తారు. మాన్యులైన గాబోర్ గారికి అని అర్థం. ఇంటిపేరు చాలు, చివర ఆశ్చర్యార్థకం ఉంటుంది. అది కోపం కాదు, ఇక్కడి పద్ధతి. ఆడవారికి పూర్తి పేరు రాయడం మేలు. మగ ప్రొఫెసరైతే పేరే అక్కర్లేదు, ‘తిస్తెల్ట్ ప్రొఫెస్సోర్ ఊర్!’ అంటే మర్యాదకు లోటుండదు. ‘కెద్వెష్ బలాజ్!’ అని పెట్టినపేరుతో పిలవడం చనువు కుదిరాకే.

జపాన్‌లోనూ ఇంటిపేరే ముందు. అక్కడివాళ్లకు ఇంటిపేరు మీదే ‘సాన్’ చేర్చాలి: యమదా సాన్. లాంఛనమైన జాబులో ‘సమ’. మన ‘గారు’ లాంటిదే కానీ మనం పెట్టినపేరుకు చేరుస్తాం, వాళ్లు ఇంటిపేరుకు. 2020 జనవరి నుంచి జపాన్ ప్రభుత్వం తన పత్రాల్లో రోమన్ లిపిలోనూ ఇంటిపేరే ముందు రాస్తోంది. విడిగా చెప్పాల్సి వస్తే YAMADA Haruo అని ఇంటిపేరును పెద్దక్షరాల్లో పెడుతుంది. విదేశాల్లో పనిచేసే వాళ్లు మాత్రం ఇంకా ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తున్నారు.

చైనా పేర్లలో ఇంటిపేరు ఎక్కువగా ఒకే అక్షరం, పెట్టినపేరు తరచూ రెండు. కాబట్టి ‘షియావోమింగ్ వాంగ్’ అని చూస్తే ఇంటిపేరు వాంగ్ అని ఊహించవచ్చు. ‘వాంగ్ వెయ్’ అని రెండూ పొట్టిగా ఉంటే, వెయ్ కూడా ఇంటిపేరు కావచ్చు గనక ఊహకు దిగకండి. పూర్తి పేరు రాసి, జవాబులో సంతకం ఎలా ఉందో చూడండి.

మన పేర్లు కూడా ఇక్కడివాళ్లకు ఇంతే అయోమయం. మెయిల్ సంతకంలో మీ ఇంటిపేరును పెద్దక్షరాల్లో రాయండి, ఎలా పిలవాలో పక్కన ఒక ముక్క చేర్చండి.