అసోసియేషన్ పాలసీ ఫ్లాటు గడప దాటి ఎంత దూరం వస్తుంది?

మాది తళి. పని చేసేది హోసూరులో. అగ్గి పడినా, వరద వచ్చినా ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వెళ్లి నష్టం లెక్క కట్టే లైసెన్సు సర్వేయర్ని. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకు వచ్చేవన్నీ ఫ్యాక్టరీ కేసులు, గోడౌన్ కేసులు. సిప్‌కాట్ చుట్టూ, బాగలూరు రోడ్డు, తళి రోడ్డు పొడుగునా అపార్ట్‌మెంట్లు లేచాక ఫ్లాట్ల కేసులు కూడా వస్తున్నాయి. వాటిలో గొడవ ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది. ఫ్లాటు ఓనరు తనకు పాలసీ ఉందనే అనుకుంటాడు. ఉన్నది అసోసియేషన్‌ది.

తళి రోడ్డు పక్కన ఒక అపార్ట్‌మెంటులో జరిగింది చెబుతాను. బిల్డింగు పేరు, మనుషుల పేర్లు వద్దు. ఇరవై నాలుగు ఫ్లాట్ల బిల్డింగు. రెండో అంతస్తు ఫ్లాటు హాల్లో ఏసీ దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి మంట లేచింది. కర్టెను అంటుకుంది, పీఓపీ సీలింగు అంటుకుంది, టీవీ యూనిట్ ప్లైవుడ్ మొత్తం కాలింది. ఇంట్లో వాళ్లు బయటపడ్డారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫైర్ సర్వీసు వాళ్లు వచ్చి ఆర్పేసరికి హాలు, దాన్ని ఆనుకున్న బెడ్‌రూము బొగ్గయ్యాయి. పైకప్పు స్లాబు వేడికి ప్లాస్టరింగు ఊడి ఇనుప కడ్డీలు కనిపించాయి. పొగ కారిడారులోకి వెళ్లి లిఫ్టు ప్యానెల్ పాడయింది. ఆర్పడానికి కొట్టిన నీళ్లు కింది ఫ్లాటులోకి దిగాయి.

అసోసియేషన్ పాలసీ మీద సర్వే నాకు వచ్చింది. నేను మొదట అడిగేది పాలసీ షెడ్యూలు. ఎవరి పేరున ఉంది, దేనికి ఉంది, ఎంతకు ఉంది అన్నది అందులో ఉంటుంది. ఇక్కడ అసోసియేషన్ పేరున, బిల్డరు అప్పగించిన కట్టడానికీ, లిఫ్టు, మోటార్లు, జనరేటర్ లాంటి అందరి వస్తువులకూ కలిపి 3 కోట్లకు పాలసీ ఉంది. బిల్డింగు కట్టిన కొత్తలో వేసిన అంకె అది. తరువాత ఏ కమిటీ వచ్చినా అదే అంకెతో రెన్యువల్ చేస్తూ పోయింది. ఆ రోజు లెక్కన అంత బిల్డింగు మళ్లీ కట్టాలంటే 6 కోట్లు అవుతుంది.

ఆ ఒక్క తేడా వల్ల ఏం జరిగిందో చూడండి. ఫ్లాటు లోపల స్లాబు, ప్లాస్టరింగు, వైరింగు, తలుపులు, కిటికీలకు 4 లక్షలు లెక్క తేలింది. కారిడారుకు, లిఫ్టు ప్యానెల్‌కు 1 లక్ష. మొత్తం 5 లక్షలు. కానీ అది యావరేజ్ షరతు ఉన్న ఫైర్ పాలసీ. ఆరు కోట్ల ఆస్తిని మూడు కోట్లకే బీమా చేశారు కాబట్టి మిగతా సగం నష్టం మీదే అంటుంది ఆ షరతు. ఐదు లక్షల నష్టానికి రెండున్నర లక్షలే వస్తుంది. స్లాబు పగిలినా, ఒక్క కిటికీ అద్దం పగిలినా ఇదే కోత. మొత్తం బిల్డింగు కూలినప్పుడే తక్కువ బీమాతో ఇబ్బంది అనుకుంటారు జనం. కాదు, చిన్న నష్టంలోనూ సగం పోతుంది.

ఇక ఫ్లాటు ఓనరు సంగతి. బిల్డరు ఇచ్చిన తరువాత ఆయన సొంతంగా చేయించుకున్న వార్డ్‌రోబులు, సీలింగు, టీవీ యూనిట్ 3 లక్షలు. సోఫా, టీవీ, ఫ్రిజ్, మంచాలు, బట్టలు మూడున్నర లక్షలు. ఈ రెండూ అసోసియేషన్ పాలసీలో లేవు. ఆయన హాల్లో నిలబడి అడిగిన మాట ఇప్పటికీ మనసులో ఉంది.

“ఏమి సార్, నెలనెలా మెయింటెనెన్స్ కడతా ఉండాము. దాంట్లోనే ఇన్సూరెన్స్ ఉండాదని సెక్రటరీ చెప్పె. ఇప్పుడు మా సామాన్లకు ఏమీ రాదంటారే?”

రాదు. ఆయనకు జరిగిన నష్టం పదిన్నర లక్షలు. అసోసియేషన్ పాలసీ నుంచి ఆయన ఫ్లాటుకు తగిలింది రెండు లక్షలు. అదీ అసోసియేషన్ ఖాతాకు వచ్చి, అక్కడి నుంచి రిపేరుకు ఖర్చు కావాలి. కమిటీ వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్లు కొన్నది అందరికీ ఉమ్మడిగా ఉన్నదానికి. ఒక్కొక్కరి ఇంట్లో ఏముందో వాళ్లకు తెలియదు, దానికి ప్రీమియం కట్టలేదు.

ఓనరు వేరుగా తీసుకోవాల్సిన పాలసీ ఇప్పుడు దేశమంతా ఒకే వాచకంతో దొరుకుతుంది. భారత్ గృహ రక్ష అంటారు. ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి తెచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చేది, పైన చెప్పిన యావరేజ్ కోత ఇందులో లేకపోవడం. బీమా మొత్తం కొంచెం తక్కువైనా, ఆ మొత్తం దాటనంత వరకు నష్టాన్ని నష్టంగానే లెక్క కడతాం. మా అగ్గి కేసు ఓనరుకు ఇది ఉండి, తను చేయించిన చెక్కపనిని బిల్డింగు మొత్తంలో కలిపి చెప్పుకుని ఉంటే, అసోసియేషన్ వైపు తగ్గిన రెండు లక్షలు, చెక్కపని మూడు లక్షలు, సామాన్ల మూడున్నర లక్షలు అన్నీ ఇటు నుంచి అడగగలిగేవాడు. రిపేరు అయ్యేదాకా వేరే ఇంటికి కట్టిన అద్దె కూడా. రెండు పాలసీలు ఉన్నాయని ఒకే గోడకు రెండుసార్లు మాత్రం రాదు. రెండూ కలిపి జరిగిన నష్టం దాకానే.

షార్ట్ సర్క్యూట్ అయిన ఆ ఏసీ డబ్బు మాత్రం ఈ రెండు పాలసీల్లో దేనిలోనూ రాదు. లోపల కరెంటు తేడాతో పాడైన ఆ ఒక్క యంత్రాన్నే మినహాయిస్తారు. దాని నుంచి పాకిన మంట కాల్చినదంతా లెక్కలోకి వస్తుంది. “కరెంటు వల్ల అయింది, కాబట్టి ఏమీ రాదు” అని ఎవరన్నా చెబితే నమ్మొద్దు.

కింది ఫ్లాటులో ఉన్నావిడ రిటైర్డు టీచరు. మంచాలు, పరుపులు, వంటింటి అల్మారాలు తడిసి ఉబ్బిపోయాయి. మంట ఆర్పే నీళ్ల వల్ల అయిన నష్టం కూడా అగ్గి నష్టమే. ఆమె క్లెయిమే వేయలేదు. ఎందుకమ్మా అంటే, “నాది లోను ఇచ్చినప్పుడు బ్యాంకోళ్లు పెట్టిన పాలసీ నాయనా. గోడలకు తప్ప సామాన్లకు దాంట్లో ఏముంటాది?” అంది. పాలసీ కాగితం తెప్పించి చూశాను. గృహ రక్షే. వెయ్యి చదరపు అడుగుల కార్పెట్ ఏరియా, అడుగుకు 2,200 లెక్కన కట్టుబడి ఖర్చు, బిల్డింగుకు 22 లక్షలు. గృహ రక్షలో బిల్డింగుకు బీమా ఉంటే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంట్లో సామాన్లకు తనంతట తానే వర్తిస్తుంది. విడిగా జాబితా రాయక్కర్లేదు. అంటే ఆమెకు 4 లక్షల 40 వేల రక్షణ ఉంది, ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆ కంపెనీ వేరు, సర్వే ఇంకొకరు చేశారు. ఆమె నష్టానికి ఆమెకు డబ్బు అందింది. లోను తీసుకున్న వాళ్లు బీరువాలోంచి ఆ కాగితం తీసి చూడాలి. కొందరికి బ్యాంకు పెట్టింది ఇంటి పాలసీ కాదు, లోను మీద లైఫ్ ఇన్సూరెన్సు. మనిషి పోతే లోను తీరుతుంది గానీ ఇల్లు కాలితే దాంట్లోంచి రూపాయి రాదు.

ఆ 22 లక్షల అంకె చూసి ఆమె కొడుకు, “ఫ్లాటు విలువ అరవై లక్షలు కదా సార్” అన్నాడు. అమ్మకం ధరలో నేల విలువ, రోడ్డు విలువ ఉన్నాయి. నేల కాలదు, కొట్టుకుపోదు. బీమా మళ్లీ కట్టే ఖర్చుకే. అరవై లక్షలకు తీసుకున్నా నష్టం వచ్చినప్పుడు కట్టుబడి ఖర్చే ఇస్తారు, పైన కట్టిన ప్రీమియం వృథా. నగలు, కళాఖండాలు లాంటివైతే విలువ చెప్పి విడిగా చేర్చుకోవాలి. నగదు మీద ఆశ పెట్టుకోవద్దు.

నీళ్ల కేసులకు వస్తే, మా జిల్లాలో వరద ఎక్కడిది అనేవాళ్లు ఉండేవాళ్లు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుఫాను మిగులు వానలకు ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్లు పడింది. చెరువు పొంగి రోడ్డు పక్కన నిలిపిన వ్యాన్లను, కార్లను తోసుకుపోయింది. ఆ తరువాత ఆ మాట అనేవాళ్లు తగ్గారు. వరదనీరు అపార్ట్‌మెంటులోకి వస్తే నష్టం మూడు చోట్లకు పంచబడుతుంది. బేస్‌మెంటులో మునిగిన లిఫ్టు మోటారు, సంపు పంపులు, ప్యానెల్ బోర్డు అసోసియేషన్ పాలసీకి. గ్రౌండ్ ఫ్లోరు ఇంట్లో ఉబ్బిన ప్లైవుడ్, ఫ్రిజ్, సోఫా ఆ ఓనరు పాలసీకి. పార్కింగులో మునిగిన కారు కారు పాలసీకి, అదీ థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా సొంత నష్టం కవరు ఉంటేనే.

నాకు వచ్చే నీళ్ల క్లెయిముల్లో చాలావరకు వరద కాదు, కారుడు. టెర్రస్ పగులులోంచి ఏళ్లుగా దిగిన నీరు ఒక పెద్ద వానకు గోడ మీద బయటపడుతుంది. చూస్తేనే తెలిసిపోతుంది. వరద వచ్చిన ఇంట్లో నాలుగు గోడల మీదా ఒకే ఎత్తున గీత ఉంటుంది, అల్మారా మూలల్లో ఒండ్రు ఉంటుంది. కారుడైతే మచ్చలు పైనుంచి మొదలవుతాయి, ఒక్కో గోడ మీద ఒక్కోలా ఉంటాయి, పెయింటు కింద ఉప్పు పూస్తుంది, నాచు ఉంటుంది. అది మెయింటెనెన్స్ పని, పాలసీ ఇవ్వదు. అదే ఓవర్‌హెడ్ ట్యాంకు పగిలినా, పైపు ఒక్కసారిగా బద్దలై ఇల్లు తడిసినా గృహ రక్షలో వస్తుంది. ఈ తేడా తెలియక, రావాల్సిన పైపు కేసును కూడా వదిలేసినవాళ్లు ఉన్నారు.

నీళ్లు తీయగానే ఇల్లు కడిగేస్తారు, తడిసిన పరుపులు చెత్తబండికి ఇచ్చేస్తారు. కడగాల్సిందే, రోగాలు వస్తాయి. కానీ ముందు గోడ మీద నీటి గీత కనబడేలా, ప్రతి వస్తువూ కనబడేలా ఫోటోలు తీయండి, కంపెనీకి ఫోను చేయండి. ఫ్రిజ్ వెనక సీరియల్ నంబరు ఫోటో ఒక్కటి ఉంటే చాలు, బిల్లు పోయినా నేను లెక్క రాయగలను.

వచ్చే జనరల్ బాడీ మీటింగులో సెక్రటరీని అసోసియేషన్ పాలసీ షెడ్యూలు కాపీ అడగండి. బిల్డింగు మొత్తానికి రాసిన అంకెను ఈ రోజు కట్టుబడి ఖర్చుతో పోల్చండి, యావరేజ్ షరతు ఉందో లేదో కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకోండి. గడప లోపలిది మీ పాలసీలో మీరే తీసుకోండి.