లీకన్నారు.. నిజంగా లీకేనా?

నాకు 28 ఏళ్లు. సిగరెట్ లేదు, షుగర్ లేదు, బీపీ లేదు. కంపెనీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చాక అరకులోయలో మా ఊరికి వచ్చేసి, రోజూ పొద్దున్నే సుంకరమెట్ట వైపు సైకిల్ తొక్కుతుంటాను. ఘాట్ రోడ్డు మీద ఎత్తు ఎక్కినా ఆయాసం రాదు. అలాంటివాడికి పెళ్లయిన ఆర్నెల్లకే పడకగదిలో ఒక ఇబ్బంది మొదలైంది. అంగస్తంభన వచ్చేది, బాగానే వచ్చేది. కానీ ఒకటి రెండు నిమిషాల్లో జారిపోయేది.

ఇలా రావడం, నిలవకపోవడం అని ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ఎదురయ్యే మాట వీనస్ లీక్. సిరల్లోంచి రక్తం కారిపోవడం. ఆ పేరు వినగానే ఎక్కడో పైపుకి చిల్లు పడిందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అసలు అక్కడ జరిగేది వేరు.

సైకిల్ టైరుని ఊహించుకోండి. లోపల ట్యూబు, పైన గట్టి టైరు. ఈ రెండింటి మధ్యా సన్నటి మెత్తటి గొట్టం ఒకటి పెట్టి ట్యూబులో గాలి కొడితే ఏమవుతుంది? ట్యూబు ఉబ్బి టైరుకి అదుముకుంటుంది. మధ్యలో ఉన్న గొట్టం నలిగి మూసుకుపోతుంది. అంగంలోనూ అంతే. లోపల స్పాంజిలాంటి కండరం, దానిమీద గట్టి పొర. రక్తాన్ని బయటికి తీసుకెళ్లే సన్నటి సిరలు ఆ రెండింటి మధ్యనుంచే వెళ్తాయి. స్పాంజి వదులై, రక్తంతో నిండి ఉబ్బితే సిరలు నలిగి దారి మూసుకుంటుంది. గట్టిదనం నిలిచేది అందుకే. సిరలకి సొంతంగా తలుపులేం లేవు, స్పాంజి ఉబ్బడమే తలుపు.

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. తలుపు పడకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. దెబ్బ తగిలో, సంభోగంలో అంగం వంగి పొర చిరిగో, పుట్టుకతోనే అదనపు సిరలుండో, స్పాంజి కండరమే పాడయ్యో నిజంగానే దారి తెరుచుకుని ఉండటం ఒకటి. అన్నీ బాగున్నా స్పాంజి పూర్తిగా వదులవకపోవడం రెండోది. కంగారులో ఒంట్లోకి వచ్చే అడ్రినలిన్ ఆ కండరాన్ని బిగిస్తుంది. బిగిస్తే ఉబ్బదు, ఉబ్బకపోతే సిరలు నలగవు, రక్తం వెళ్లిపోతుంది. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. గుండె, ఊపిరితిత్తులు ఎంత గట్టివైనా ఈ రెండింటికీ అడ్డుపడవు. కాబట్టి ఫిట్‌గా ఉన్నానుగా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో డాప్లర్ స్కాన్ చేశారు. అంగంలోకి సన్నటి సూదితో పాపావరిన్ అనే మందు ఎక్కిస్తారు. అది స్పాంజిని వదులు చేస్తుంది. తర్వాత ఇరవై నిమిషాల దాకా స్కానర్‌తో ధమనిలో రక్తవేగం కొలుస్తారు. చూడాల్సినవి రెండే అంకెలు. గుండె కొట్టుకున్న క్షణంలో వేగం సెకనుకి 30 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా రక్తం వచ్చే దారి బాగున్నట్టు. రెండు కొట్టుకోవడాల మధ్య వేగం 5 కంటే తక్కువకి పడిపోవాలి. లోపల ఒత్తిడి పెరిగితే కొత్త రక్తం దూరడానికి చోటుండదు, అందుకని పడిపోతుంది. పడకపోతే రక్తం ఇంకా లోపలికి వస్తూనే ఉంది, అంటే ఎక్కడినుంచో వెళ్లిపోతోందన్నమాట.

నా అంకెలు 46, 9. రిపోర్టులో వీనస్ లీక్ అని రాసేశారు. సిరలు కట్టేసే ఆపరేషన్ ఉంది, ఆలోచించుకోండన్నారు.

ఆ గది ఎలా ఉందో చెప్పాలి. ట్యూబ్‌లైట్ వెలుగు, పక్కన ఇద్దరు టెక్నీషియన్లు, తలుపు బయట నా పేరు పిలుస్తున్న నర్సు. నాకు అరచేతులు చెమట పట్టాయి. రిపోర్టులో అంగం ఎంత గట్టిపడిందో ఒక్క మాట లేదు. నిజానికి సగమే గట్టిపడింది.

రిపోర్ట్ పట్టుకుని నగరంలోనే ఇంకో సీనియర్ యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం పక్కన పెట్టి అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున లేచేసరికి ఎలా ఉంటుంది బాబూ?"

బాగానే ఉంటుందన్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు? అదీ నిలుస్తుంది. సైకిల్ తొక్కాక కింద తిమ్మిరి ఉంటుందా అని కూడా అడిగారు. అది నరాల మీద, ధమని మీద ఒత్తిడి సంగతి, ఉంటే సీటు మార్చాలట. నాకు లేదు.

"సిరలకి పక్కన ఎవరున్నారో తెలీదు కదయ్యా. నిజంగా లీకుంటే పొద్దున్నా కారాలి, ఒంటరిగా ఉన్నా కారాలి. కారుతోందో, నువ్వు కంగారు పడుతున్నావో తేలకుండా కత్తెందుకు?"

మళ్లీ స్కాన్ చేశారు. ఈసారి లైట్లు తగ్గించి, మందిచ్చి, గదిలో నన్ను ఒక్కడినే కాసేపు వదిలేశారు. సరిగా గట్టిపడకపోతే రెండో డోసు ఇచ్చారు. పూర్తిగా గట్టిపడ్డాకే కొలిచారు. మొదటి అంకె 48. రెండోది సున్నా. అవే సిరలు, అదే మనిషి. మొదటిసారి స్పాంజి పూర్తిగా వదులు కాకముందే కొలిచి, లీకని రాశారు.

తర్వాత వెంటనే అరకు బయల్దేరతానంటే డాక్టర్ ఒప్పుకోలేదు. ఈ మందు ఇచ్చాక స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే అది ఎమర్జెన్సీ, లోపల ఆక్సిజన్ అందక స్పాంజి శాశ్వతంగా పాడైపోవచ్చు. విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలోనే ఉంటుంది, అనంతగిరి ఘాట్‌లో ఉండదు. పైగా మా ఊరికి మూడు గంటల ప్రయాణం. పూర్తిగా తగ్గాకే పంపారు. కొండల్లోంచి ఈ పరీక్షకి వెళ్లేవాళ్లు ఆ రాత్రి నగరంలోనే ఉండేలా చూసుకోండి.

నాకు కొన్ని వారాలు రోజూ తక్కువ డోసు తడలాఫిల్ ఇచ్చారు. అది స్పాంజి వదులవడానికి సాయం చేస్తుంది. నా భార్యని కూడా రమ్మని, కొన్నాళ్లు సంభోగం అనే లక్ష్యం పెట్టుకోకుండా దగ్గరగా ఉండమన్నారు. ఆమెకి నేను అప్పటిదాకా ఏమీ చెప్పలేదనుకున్నా, ఆమె మాత్రం తనంటే ఇష్టం లేదేమోనని ఆర్నెల్లుగా అనుకుంటోందట. మందు ఆపాక కూడా ఇప్పుడు బాగానే ఉంది. అప్పుడప్పుడూ జారుతుంది, ఇద్దరం నవ్వుకుంటాం.

అందరికీ నాలాగే తేలుతుందని కాదు. యుక్తవయసు నుంచీ ఎప్పుడూ గట్టిపడి నిలవనివాళ్లు, దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ మారినవాళ్లు, పొద్దున కూడా లేనివాళ్లు ఉంటారు. సరిగా చేసిన స్కాన్‌లోనూ వాళ్ల రెండో అంకె దిగదు. అది నిజమైన లీకు. వాళ్లలో కొందరికి మాత్రలు సరిపోతాయి, కొందరికి మొదట్లో బిగించే రింగు, అదీ అరగంటకి మించకుండా. సిరలు కట్టేసే ఆపరేషన్ 1980లలో బాగా చేశారు. మొదట్లో బాగుండి, ఏడాది రెండేళ్లలో చాలామందికి మళ్లీ మామూలే, రక్తం కొత్త దారులు వెతుక్కుంటుంది. అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్ 2018 మార్గదర్శకాల్లో ఆ ఆపరేషన్ వద్దనే చెప్పింది. ఏదీ పనిచేయనివాళ్లకి చివరిగా ఇంప్లాంట్ ఉంది.

మీ చేతిలో అలాంటి రిపోర్టే ఉంటే డాక్టర్‌ని రెండు సంగతులు అడగండి. కొలిచినప్పుడు పూర్తి గట్టిదనం వచ్చిందా? రాకపోతే రెండో డోసు ఇచ్చారా? లేదంటే, ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు స్కాన్ మళ్లీ చేయించుకోండి.