అయిదో చక్కర్‌లో అమ్మీ నిద్ర

ఉమ్రా నుంచి తిరిగొచ్చి నెల దాటింది. ఖజూర్ పంచేశాం, జమ్‌జమ్ చిన్న సీసాల్లో పోసి బంధువుల ఇళ్లకు పంపేశాం. మిగిలిపోయింది ఒక్క సఫర్‌నామానే. దావత్‌లో కలిసిన ప్రతివాళ్లూ అదే మాట. "అఖ్బార్‌లో పనిచేస్తావు, రోజూ ఊళ్లోవాళ్ల సంగతులన్నీ రాస్తావు, అల్లా ఇంటికి పోయొచ్చి నాలుగు పేజీలు రాయలేవా?"

రాయకపోవడమేం, రాశాను. రాసి చించేశాను. "కాబా కనబడగానే కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి" అని మొదలుపెట్టాను. చదువుకుంటే సిగ్గేసింది. ఎందుకంటే అలా జరగలేదు. కాబా మొదటిసారి కనబడినప్పుడు నా చూపు అమ్మీ వీల్‌చెయిర్ ముందు చక్రం మీద ఉంది. అది పక్కకు లాగేస్తోంది. ఏడ్చింది అమ్మీ. నేను ఆమె వెనక నిలబడి, ఈమెకు మళ్లీ బాత్‌రూమ్ అవసరమైతే ఎటు తీసుకుపోవాలా అని ఆలోచిస్తున్నాను. ఆ కన్నీళ్లు నావని రాసుకుంటే అబద్ధం, పైగా రియా. ఇబాదత్‌ని నలుగురికీ చూపించుకోవడమే తప్పయితే, చెయ్యని ఇబాదత్‌ని చూపించుకోవడాన్ని ఏమనాలి?

అసలు ఆ రాత్రి జరిగింది ఇది.

జిద్దాలో దిగేసరికి మగ్రిబ్ దాటింది. ఇమిగ్రేషన్ లైన్, సామాను, బస్సు, అన్నీ అయి మక్కాలో గదికి చేరేసరికి రాత్రి పన్నెండున్నర. అమ్మీకి డెబ్భై ఒకటి, మోకాళ్లు అరిగిపోయాయి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచిన మనిషి. ఆపా అంది, "ఇహ్రామ్‌లో ఉన్నాం, ఇప్పుడే ఉమ్రా చేసేద్దాం. రాత్రి పూట ఎండ ఉండదు." నేనన్నాను, "ఫజర్ తర్వాత పోదాం, అమ్మీ పడుకోనీ." నిజానికి ఇద్దరి మాటా జాయిజే. చేరిన వెంటనే ఉమ్రా చేయాలన్న షర్త్ లేదు. ఇహ్రామ్‌లో నిద్రపోవచ్చు, వెంట్రుకలు కత్తిరించుకునేదాకా ఇహ్రామ్ పాబందీలు మాత్రం ఉంటాయి, అంతే. కానీ అప్పటికి అది మస్‌అలా కాదు, జిద్. కారిడార్‌లో నిలబడి, తెల్ల గుడ్డల్లో నేను, నల్ల బుర్ఖాలో ఆపా, గొంతులు పెంచుకున్నాం. ఇహ్రామ్‌లో తగువు మనా అని ట్రావెల్స్ వాళ్లిచ్చిన కితాబ్‌లో ఇద్దరం చదివాం. మా ఇద్దరిలో ఎవరూ అమ్మీని అడగలేదు. చివరికి ఆపా మాట నెగ్గింది. ఒంటిగంటకు బయల్దేరాం.

వీల్‌చెయిర్‌తో తవాఫ్‌కి మమ్మల్ని పై అంతస్తుకు పంపారు. కింద కాబాకు దగ్గరగా తిరిగితే చుట్టు చిన్నది. పైకి పోయేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది. ఏడు చుట్లు అనే మాట రెండు చోట్లా ఒకటే, కాళ్లకు మాత్రం ఒకటి కాదు. పైకి ఎక్కేటప్పుడు లిఫ్ట్ దగ్గర జనం. తలుపు తెరుచుకోగానే నేను వీల్‌చెయిర్‌ని అడ్డంగా దూర్చేశాను. తలుపు మూసుకుంటుంటే చూశాను, మాకంటే ముందు వచ్చి నిలబడ్డ ఇంకో వీల్‌చెయిర్ బయటే ఉండిపోయింది. అందులో ఒక ముసలాయన. ఆయన ఏమీ అనలేదు, నావైపు చూశాడంతే. తవాఫ్‌లో ఏ దువా చదివానో పూర్తిగా గుర్తులేదు గానీ, ఆ చూపు గుర్తుంది.

తవాఫ్ అయ్యాక సయీ. సఫా నుంచి మర్వాకు సుమారు నాలుగు వందల యాభై మీటర్లు. ఏడుసార్లంటే మూడు కిలోమీటర్ల పైమాట. వీల్‌చెయిర్లకు మధ్యలో వేరే దారి ఉంది. పచ్చ లైట్ల దగ్గర మగవాళ్లు కాస్త పరిగెత్తుతారు. నేను తోసుకుంటూ పరిగెత్తలేక నడిచాను. అయిదో చక్కర్‌లో అమ్మీ పెదాలు కదలడం ఆగిపోయింది. జిక్ర్ మనసులో చేసుకుంటోందనుకున్నాను. తల పక్కకు వాలింది. గుండె జల్లుమని ముందుకొచ్చి చూస్తే, నిద్ర! నోరు కొంచెం తెరుచుకుని, చేతిలో తస్బీ జారిపోతూ, గాఢంగా నిద్ర.

మర్వా దగ్గర కళ్లు తెరిచి కంగారుపడింది. "సోగయీ థీ క్యా బేటా మై? మేరీ సయీ హుయీ కీ నై?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ కళ్లలోని భయం నేను మర్చిపోలేను. ఏళ్ల తరబడి కమిటీ చీటీలు కట్టి వచ్చిన మనిషి, చివర్లో నిద్ర వల్ల అంతా పోయిందేమో అనుకుంటోంది. మా గ్రూప్‌తో వచ్చిన మౌలానా సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయన తాపీగా చెప్పారు, "తవాఫ్‌కి వుజూ కావాలమ్మా. సయీకి వుజూ సున్నత్, షర్త్ కాదు. నిద్ర పట్టినా మీ సయీ అయిపోయింది. పరేషాన్ కాకండి." అమ్మీ అప్పుడు నవ్వింది. మిగతా రెండు చక్కర్లు మెలకువగా కూర్చుంది. ఆపా వేలి కణుపంత జుట్టు కత్తిరించింది. ఫజర్ అజాన్ అయింది.

ఇదీ నా నోట్‌బుక్‌లో ఉన్నది. ఇది రాయొచ్చా అన్నదే నా ఝంఝట్.

పేపర్లో మాకు నేర్పింది ఒకటే, నిజమైతే రాయి. మద్రసాలో చిన్నప్పుడు నేర్పింది వేరు. ఒకరి గురించి వెనక చెప్పినది నిజమైతేనే అది గీబత్, అబద్ధమైతే బోహ్‌తాన్. అంటే నిజం అన్నంత మాత్రాన మాఫీ లేదు. తవాఫ్ చేస్తూ వీడియో కాల్ మాట్లాడిన కుర్రాడి గురించి, గదిలో బిర్యానీ బాగాలేదని మూడు రోజులు గొడవపడ్డ హమ్‌సఫర్ గురించి నా దగ్గర నోట్స్ ఉన్నాయి. వాటిని కొట్టేశాను. లిఫ్ట్ దగ్గర నేను చేసింది మాత్రం ఉంచాను. ఎవరిదో తప్పు రాస్తే చదివేవాళ్లు నవ్వుకుంటారు, నాది రాస్తే బహుశా తమ చేతుల్ని చూసుకుంటారు.

థకావట్ గురించి రాస్తే షికాయత్ అవుతుందేమోనని ఇంకో భయం. డిగ్రీలో నేను చదివిన తెలుగు ఇక్కడ పనికొచ్చింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మరుసటి ఏడాది తిరిగొచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్రలో పూజలున్నాయి, దానితోపాటు దారి ఎలా ఉంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, మజిలీలో ఏం సరుకులు ఉంటాయి, అన్నీ ఉన్నాయి. అది చదివి ఆయన భక్తిని ఎవరూ శంకించలేదు. ఆ వివరాలు ఆయన తరవాత పోయేవాళ్లకోసం.

రాసింది అమ్మీకి చదివి వినిపించాను. తెలుగు అక్షరాలు ఆమెకు రావు, మాటలు వచ్చు. బాత్‌రూమ్ గురించి ఇంకో సంగతి రాశాను, అది తీసెయ్యమంది. తీసేశాను. నిద్ర సంగతి దగ్గర చాలాసేపు ఆలోచించి అంది, "అది ఉండనీ బేటా. నాలాంటి ముసలిదాన్ని తీసుకుపోయేవాళ్లు ముందు రెండు గంటలు పడుకోనిస్తారు. కానీ ఆపాని అడుగు. కొట్లాటలో ఆమె కూడా ఉందిగా."

అడిగాను. ఆపా ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "రాయి. కానీ ఆ రోజు ఫజర్ అయ్యాక నువ్వు గురక పెడుతుంటే, జొహర్ దాకా అమ్మీ కాళ్లు పిసికింది ఎవరో కూడా రాయి."

నా నోట్‌బుక్‌లో అది లేదు. నేను నిద్రపోయాను కదా.