సంత రోజు మాత్రలు

కోస్తా జిల్లాలో ఒక బోధనాసుపత్రి. దాని ఓపీ ఫార్మసీలో ఒక ఉదయం పూట కౌంటర్‌కు లోపలి వైపు కూర్చున్నాను. బయటి వైపు సంగతి మనందరికీ తెలిసిందే. కిటికీలోంచి చీటీ లోపలికి వెళ్తుంది, కవరు బయటికొస్తుంది, వెనక ఉన్నాయన భుజం మీదుగా తన చీటీ చాపుతాడు. చీటీకీ కవరుకూ మధ్య ఏం జరగాలో చూడాలనే వచ్చాను.

ముందు నా కళ్లు పడింది కవర్ల కట్ట మీద. ప్రతి కవరు మీదా మూడు గళ్లు అచ్చయి ఉన్నాయి: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. గడిలో టిక్కు పెడితే పని అయిపోతుంది. బీపీ మాత్రకూ షుగరు మాత్రకూ ఇది చాలు. చదువు రానివాళ్ల కోసం గళ్ల పక్కన పొద్దుపొడుపు, నడినెత్తి సూర్యుడు, చందమామ బొమ్మలు కూడా వేశారు. బాగుంది కదా అన్నాను. కౌంటర్ చూసే ఫార్మసిస్టు మేడం నవ్వి, "రోజూ వేసుకునే మందుకైతే బాగుంటుందండీ. వారానికోసారి వేసుకునే మందుకు ఇందులో గడి ఏదీ?" అన్నారు.

ఆమె మాట్లాడుతున్నది మెథోట్రెక్సేట్ గురించి. కీళ్లవాతానికి, సొరియాసిస్‌కు ఇచ్చే మాత్ర అది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. అలవాటు చొప్పున దీన్నీ ఆ కవర్లోనే వేసి రాత్రి గడిలో టిక్కు పెడితే, ఇంటికెళ్లిన మనిషి రోజూ రాత్రి వేసుకుంటారు. తప్పు ఆ మనిషిది కాదు, కవరు చెప్పిందే చేశారు. శరీరంలో కణాలు పెరగడానికి కావలసిన ఫోలేటు పనిని ఈ మందు అడ్డుకుంటుంది. వారానికోసారి వేసుకుంటే మంచి కణాలకు మధ్యలో కోలుకునే వ్యవధి ఉంటుంది. రోజూ వేసుకుంటే ఆ వ్యవధి పోతుంది. త్వరత్వరగా పెరిగే కణాలే ముందు దెబ్బతింటాయి కాబట్టి నోట్లో పుళ్లు పడతాయి, విరేచనాలవుతాయి, ఎముక మజ్జలో రక్తకణాల తయారీ పడిపోయి జ్వరం పట్టుకుంటుంది. ప్రాణం పోయిన సందర్భాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2020లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరించి, ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద ఆ వారం పేరు పెట్టి రాయమంది.

కిటికీ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. చేతివేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. చీటీలో మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. వారానికోసారి, ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. వారానికోసారి, నాలుగు వారాలకు అని ఉంది. అరలో ఉన్నవి 7.5 మి.గ్రా. మాత్రలు. అంటే వారానికి రెండు, నాలుగు వారాలకు ఎనిమిది. షీటులో పది ఉంటే మేడం రెండు కత్తిరించి పక్కన పెట్టేశారు. పొరపాటు జరిగినా చేతిలో ఉన్న మాత్రలు తక్కువగా ఉండాలి, అందుకే ఎప్పుడూ నాలుగు వారాలకు మించి ఇవ్వరట. గడువు తేదీ, బ్యాచ్ నంబరు అచ్చయ్యేది సాధారణంగా షీటుకు ఒక కొసనే. రోగికి వెళ్లే ముక్క మీద అవి లేకపోతే వాటిని లేబుల్ మీద చేత్తో రాయాలి. మన మందుల షాపుల్లో కత్తెర ఎటు పడితే అటు నడుస్తుంది. ఇంటికి చేరిన నాలుగు మాత్రల ముక్క మీద మందు పేరులో సగం, అంతే.

లేబుల్ రాసేముందు మేడం ఒక ప్రశ్న వేశారు. ఆ పూట మొత్తంలో నాకు విలువైన ప్రశ్న అదే.

"పెద్దమ్మా, పోయిన నెల ఈ మాత్రలు ఎట్టా వేసుకున్నారు?"

"సంత రోజు రాత్రి మూడేసి వేసుకున్నానమ్మా. బేస్తవారం మా ఊరి సంత. మర్చిపోకుండా ఉంటదని అట్టా పెట్టుకున్నా."

రోజు సంగతి సరే. మేడం ఆగింది "మూడేసి" దగ్గర. పాత షీటు సంచిలో ఉందేమో చూడమన్నారు. ఉంది. బయట షాపులో కొన్నది, 5 మి.గ్రా. మాత్రలు. మూడు వేస్తే పదిహేను, అప్పటికి అది సరైన లెక్కే. ఇప్పుడు చేతికొచ్చింది 7.5 మాత్ర. అదే అలవాటుతో మూడు వేస్తే ఇరవై రెండున్నర అవుతుంది. చీటీలో తప్పు లేదు, అరలో తప్పు లేదు, పెద్దావిడ జ్ఞాపకంలోనూ తప్పు లేదు. అయినా మోతాదు ఒకటిన్నర రెట్లు అయిపోయేది. "ఎలా వేసుకోవాలో తెలుసా?" అని అడిగి ఉంటే ఆమె తెలుసుననేది, కవరు తీసుకుని వెళ్లిపోయేది.

సంచిలో మిగిలిన పాత మాత్రలు రెండు ఉంటే అవి వాడొద్దని వెనక్కి తీసుకున్నారు. రెండు రకాల బలాలున్న మాత్రలు ఒకే ఇంట్లో ఉండకూడదన్నది ఆ కౌంటర్ నియమం. తర్వాత గళ్ల కవరును తోసేసి, తెల్ల లేబుల్ మీద పెద్ద అక్షరాలతో రాశారు. పైన ఆవిడ పేరు, ఓపీ నంబరు, తేదీ. కింద ఇలా:

మెథోట్రెక్సేట్ 7.5 మి.గ్రా. మాత్రలు, మొత్తం 8
కీళ్లవాతానికి
ప్రతి గురువారం రాత్రి అన్నం తిన్నాక రెండు మాత్రలు మింగాలి
వారానికి ఒక్కసారే. మిగతా ఆరు రోజులు వేసుకోకూడదు

ఆ కింద గడువు తేదీ, బ్యాచ్ నంబరు, ఫార్మసీ ఫోన్ నంబరు. "రెండు" అని అక్షరాల్లో రాసింది అంకె చెరిగిపోతే ఇబ్బందని. "15 మి.గ్రా. వేసుకోవాలి" అని రాయలేదు, చేతిలోకి ఎన్ని మాత్రలు తీసుకోవాలో రాశారు. మిల్లీగ్రాములను మాత్రలుగా మార్చే లెక్క ఫార్మసిస్టు చేయాల్సింది, రోగికి వదిలేది కాదు. జబ్బు పేరు ఎందుకంటే, ఇంట్లో చదివే కోడలో మనవడో ఫోన్లో వెతికితే ఇది కేన్సర్ మందని కనిపిస్తుంది. కేన్సర్‌కు వాడే మోతాదులు వేరని, ఇది కీళ్లకు ఇచ్చే చిన్న మోతాదని నోటితోనూ చెప్పారు. బయటికి తెలియడం ఇష్టంలేని జబ్బులకైతే ఆ వరుస అడిగి మరీ వదిలేస్తారట.

ఫోలిక్ యాసిడ్‌ను వేరే కవర్లో వేసి, "ప్రతి ఆదివారం ఒక మాత్ర" అని రాశారు. ఆ మాత్ర మెథోట్రెక్సేట్ తెచ్చే నోటిపుళ్లు, వికారం తగ్గిస్తుంది. చిక్కేమిటంటే చాలా కంపెనీల్లో రెండూ చిన్నవే, రెండూ పసుప్పచ్చవే. ఒకే డబ్బాలో పోసుకుంటే తేడా తెలియదు. షీటులోంచి తీసి డబ్బాల్లో పోసుకోవద్దని అందుకే రెండుసార్లు చెప్పారు.

లేబుల్ మీద పట్టనివి నోటితో చెప్పాలి. ఇక్కడ మేడం పొదుపు నచ్చింది. దుష్ఫలితాల జాబితా చదవలేదు. నోట్లో పుండు, జ్వరం, గొంతు నొప్పి, దెబ్బ తగలకుండా ఒంటి మీద కమిలిన మచ్చ, పొడి దగ్గుతో ఆయాసం. వీటిలో ఏది కనపడినా తర్వాతి మోతాదు వేసుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి రావాలన్నారు. గురువారం మర్చిపోతే రెండు రోజుల్లోపు, అంటే శనివారం దాకా వేసుకోవచ్చు. అది కూడా దాటితే ఆ వారం వదిలేసి మళ్లీ గురువారమే, రెండు వారాలవి కలిపి మాత్రం వద్దు. ఊళ్లో ఎవరైనా జ్వరానికో నొప్పికో మందిస్తే ముందు ఈ లేబుల్ చూపించాలి. కోట్రైమాక్సజోల్ అనే మామూలు యాంటీబయాటిక్ దీనితో కలిస్తే మజ్జను దెబ్బతీస్తుంది, నొప్పి మాత్రలు కిడ్నీ గుండా మందు బయటికి పోవడాన్ని మందగింపజేస్తాయి. డాక్టరు చెప్పిన రోజున రక్తపరీక్ష తప్పకూడదు. వయసులో ఉన్న ఆడపిల్లలకు ఇదే మందిస్తే గర్భం సంగతి అడగాల్సి ఉంటుంది. ఆ ప్రశ్న మాత్రం కిటికీలోంచి అడగరు, పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడుగుతారు.

చివరగా, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటా. ఇంటికెళ్లి మీ కోడలికి ఎట్టా చెప్తారు?" అన్నారు.

"బేస్తవారం రాత్రి మూడు..." అని ఆగింది ఆవిడ. తనే నాలుక కరుచుకుంది. "రెండమ్మా, రెండు. మూడు పాతయి."

రెండోసారి పూర్తిగా, తడబడకుండా చెప్పేదాకా కవరు చేతికివ్వలేదు. ఫార్మసీ కౌన్సిల్ 2015లో తెచ్చిన ప్రాక్టీస్ నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి. మందు పేరు, మోతాదు, ఎందుకు, ఎన్నాళ్లు, ఏం గమనించాలి, మోతాదు తప్పితే ఏం చేయాలి, ఎలా దాచాలి. నమోదైన ఫార్మసిస్టే రోగికి చెప్పాలి. చాలా షాపుల్లో గోడ మీద వేలాడేది ఫార్మసిస్టు సర్టిఫికెట్, కౌంటర్ వెనక నిలబడేది ఇంకెవరో.

ఇంత మాట అందరికీ చెప్పడం ఆ వరుసలో కుదరదు. మేడం ఆ భ్రమలో లేరు. పారాసిటమాల్‌కు ఒక వాక్యం చాలు. వారానికోసారి మాత్రలు, రక్తం పల్చబరిచేవి, ఇన్సులిన్, ఇన్‌హేలర్లు, పిల్లల పొడి సిరప్పులు, వీటికి మాత్రం వరుస ఆగాల్సిందే. నా ఎదురుగానే ఒక తండ్రికి అమాక్సిసిలిన్ పొడి సీసా ఇచ్చారు. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, కుదిపి, పొడి కలిసి మట్టం తగ్గాక మళ్లీ గీత దాకా పోయాలి. సీసా మీద అచ్చయిన గడువు పొడికే, కలిపాక ఫ్రిజ్‌లో పెట్టినా ఏడు రోజులే. ఆ ఏడో రోజు తేదీని లెక్కేసి సీసా మీద రాసిచ్చారు. ఇంటి చెంచాతో కాకుండా మూతకు తొడిగిన కొలత గిన్నెతో పోయమన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా మెథోట్రెక్సేట్ వాడుతుంటే ఈ రోజే కవరు తీసి చూడండి. దాని మీద వారం పేరు, మాత్రల సంఖ్య లేకపోతే కొన్నచోటికి తీసుకెళ్లి రాయించుకోండి. పొరపాటున రెండు మూడు రోజులు వరసగా వేసుకున్నారని తేలితే, ఒంట్లో బాగానే ఉందని ఆగకండి. మాత్ర ఆపి, షీటుతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దీనికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. అది ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర కాదు. ఎంత త్వరగా ఇస్తే అంత బాగా పనిచేస్తుంది.